అయిదున్నర అనుభవం

ఐఈఎల్టీఎస్ స్పీకింగ్‌లో ఎలా మాట్లాడాలో సలహాలిచ్చేవాళ్ళకు కొదవ లేదు. చాలామంది ఒక్కసారి వెళ్ళి, ఏడో ఏడున్నరో పట్టుకుని, మర్నాటి నుంచి వీసా పనుల్లో పడిపోయినవాళ్ళే. ఆ గది గురించి వాళ్ళకేం తెలుస్తుంది? చూసింది పావుగంట. నేను నాలుగుసార్లు కూర్చున్నాను. 5.5, 5.5, 6, మళ్ళీ 5.5. ఆరు వచ్చినసారి రైటింగ్ అయిదున్నరకు జారింది. మొన్నటిసారి లిజనింగ్ 7, రీడింగ్ 6.5, రైటింగ్ 6, స్పీకింగ్ 5.5. సగటు ఆరుంపావు. పావు వస్తే అరకు పెంచుతారు కాబట్టి మొత్తం మీద 6.5. నాక్కావలసిన యూనివర్సిటీ అడిగిందీ అంతే. కాకపోతే ఏ సెక్షన్లోనూ ఆరుకు తగ్గకూడదని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

అంచేత ఇక్కడ స్పీకింగ్ గురించి మాత్రమే చెబుతాను. నాకు పట్టున్నది అందులోనే.

పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. ముందు ఊరు, చదువు, ఉద్యోగం, టీ, వాన లాంటి చిన్న ప్రశ్నలు నాలుగైదు నిమిషాలు. తర్వాత చేతికో కార్డు ఇస్తారు. పెన్సిలు, కాగితం, ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం. ఆపైన ఒకటి నుంచి రెండు నిమిషాలు మీరే మాట్లాడాలి. చివర, కార్డు మీదున్న విషయాన్నే పట్టుకుని పెద్ద ప్రశ్నలు ఇంకో నాలుగైదు నిమిషాలు. మార్కులు నాలుగు లెక్కల్లో వేస్తారు: మాట తడబడకుండా పొందిగ్గా సాగిందా, పదాలు ఎన్ని తెలుసు, వ్యాకరణం ఎలా ఉంది, పలికింది అర్థమైందా. నాలుగింటికీ సమాన వాటా. చెప్పింది నిజమా అబద్ధమా అని చూసే అయిదో లెక్క లేదు. నా పద్ధతి మొత్తం ఈ ఒక్క సత్యం మీదే కట్టాను.

మొదటి ప్రశ్న నుంచే వాయించెయ్యాలి. 'డూ యూ లైక్ టీ?' అంటే 'యెస్, స్పెషల్లీ ఇన్ ద మార్నింగ్, బికాజ్ మై మదర్ పుట్స్ జింజర్ ఇన్ ఇట్' అని ఊరుకునేవాళ్ళున్నారు. రెండు ముక్కలు! వేలకు వేలు ఫీజు కట్టి రెండు ముక్కలా? నేను టీ తోటలతో మొదలుపెట్టి, బ్రిటిష్ వాళ్ళ మీదుగా, ఇరానీ చాయ్ దాకా వచ్చేసరికి ఎగ్జామినర్ 'థాంక్యూ' అని తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది. నా జవాబుకు ముగ్ధురాలైందనుకున్నాను. ఈ భాగంలో ప్రశ్నలన్నీ ఆ నాలుగైదు నిమిషాల్లోనే ముగించాలనీ, అందుకే మధ్యలో ఆపేస్తారనీ తర్వాత ఎవరో చెప్పారు. అసూయ.

ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడక్కండి. అడిగితే మార్కు పోతుందని మా హాస్టల్లో అందరికీ తెలుసు. ఎక్కడా రాసి లేదు గానీ తెలుసు. 'ఈజ్ దేర్ మచ్ వైల్డ్‌లైఫ్ వేర్ యూ లివ్?' అని అడిగింది మూడోసారి కూర్చున్నప్పటి ఎగ్జామినర్. నాకు 'వైఫ్', 'లైఫ్' వినబడ్డాయి. 'ఐ యామ్ అన్‌మ్యారీడ్, మేడమ్. బట్ మై పేరెంట్స్ ఆర్ సెర్చింగ్' అన్నాను, ఒక్క తప్పు లేకుండా. 'సారీ, కుడ్ యూ రిపీట్ దట్?' అనుంటే అదే ప్రశ్న ఇంకోసారి చదివేదే. మార్కుల లెక్కలో అది తప్పేమీ కాదట. కానీ పరువు సంగతో?

ఇక అసలు విషయానికొస్తాను. కార్డు.

కార్డు మీద ఏముంటుందో ముందుగా తెలీదు. కాబట్టి ఒకే కథ కంఠతా పట్టి, ఏ కార్డొచ్చినా అందులోకి తోసెయ్యాలి. నా కథ మా మామ్మ. 240 మాటలు. సరిగ్గా నిమిషం యాభై సెకన్లు. అద్దం ముందు నిలబడి నెల రోజులు చెప్పాను. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మామ్మ రాత్రంతా కూర్చుని తడిగుడ్డ వేసింది, తర్వాత ఆవిడ పోయింది, ఆ ప్రేమ నా గుండెలో నిలిచిపోయింది. ఇందులో ఇన్‌వాల్యుబుల్, సెల్ఫ్‌లెస్, ఎటర్నల్ అన్నీ ఉన్నాయి. ఆరాధించే వ్యక్తి అంటే మామ్మ. మరపురాని రోజంటే మామ్మకు తడిగుడ్డ వేసిన రోజు, కాదు, మామ్మ వేసిన రోజు. అందిన కానుక అంటే ఆ గుడ్డ.

నాలుగోసారి నాకొచ్చిన కార్డు: మీరు దారి తప్పిన సందర్భం చెప్పండి. ఎక్కడ, ఎప్పుడు, ఎలా బయటపడ్డారు, అప్పుడు మీకెలా అనిపించింది.

కంగారు పడకండి. నేనూ పడలేదు. ఆలోచించుకోమని ఇచ్చిన నిమిషం నాకక్కర్లేకపోయింది. కాగితం మీద 'మామ్మ' అని రాసి, కింద గీత గీసి, ఎగ్జామినర్ వంక చూసి నవ్వుతూ కూర్చున్నాను. మొదలుపెట్టాను. 'వన్స్ ఐ లాస్ట్ మై వే ఇన్ నరసరావుపేట. ఇట్ వాజ్ వెరీ డార్క్. సడన్లీ ఐ మెట్ మై గ్రాండ్‌మదర్.' ఇంక దారి దొరికేసింది. అక్కణ్ణుంచి జ్వరం, తడిగుడ్డ, సెల్ఫ్‌లెస్ అన్నీ గడగడా వచ్చేశాయి. అంతదాకా ఆచితూచి వచ్చిన నా ఇంగ్లీషు ఒక్కసారిగా ఎక్స్‌ప్రెస్ బండిలా పరిగెత్తింది. ఎగ్జామినర్ తలెత్తి చూసింది. మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి అప్పజెప్పడం మొదలుపెడితే, వేగం మారుతుంది, స్వరం మారుతుంది, చూపు గోడ మీదికి పోతుంది. అది కనిపెట్టడం వాళ్ళకు నేర్పిస్తారట. నేను ఆ చూపును మెచ్చుకోలు అనుకున్నాను.

చివర్లో ఇడియం ఒకటి తప్పనిసరి. ఏడు బ్యాండు దాటాలంటే నానుడులు వాడాలని మా కోచింగ్‌లో నలభై పేజీల పుస్తకం ఇచ్చారు. కాబట్టి కళ్ళు తుడుచుకుంటూ, 'అన్‌ఫార్చునేట్లీ, షీ కిక్డ్ ద బకెట్' అన్నాను.

గది నిశ్శబ్దమైంది. బాల్చీ తన్నడమంటే పోవడమని పుస్తకంలో ఉంది. అది వేళాకోళంగా అనే మాటని లేదు. 'మా మామ్మ టపా కట్టేసింది' అని సంతాపసభలో అన్నట్టుంటుందని నాకు చెప్పినవాళ్ళు లేరు. ఏడుకు చూసేది నానుడి ఉందా అని మాత్రమే కాదట, ఏ మాట ఎక్కడ అతుకుతుందో ఎంతో కొంత తెలుసా అని కూడానట. తెలుసు మరి. చావుకు అతికించాను కదా.

కార్డు అయ్యాక చిన్న ప్రశ్న ఒకటో రెండో అడుగుతారు. 'సో, వాజ్ యువర్ గ్రాండ్‌మదర్ లాస్ట్ టూ?' అంది. 'యెస్' అన్నాను. వేరే గతి లేదు.

తర్వాత మూడో భాగం. చాలామంది కొట్టుకుపోయేది ఇక్కడే. కార్డులో దారి తప్పడం ఉంది కదా, ఇక్కడ దాన్నే పెద్దది చేస్తారు. జనం ఫోను మ్యాపుల మీద మరీ ఎక్కువగా ఆధారపడుతున్నారంటారా? అభిప్రాయం చెప్పాలి, ఉదాహరణ ఇవ్వాలి, ఎందుకో వివరించాలి. నా సూత్రం ఇది.

అభిప్రాయం చెప్పకండి. 'దట్స్ ఏ వెరీ ఇంట్రెస్టింగ్ క్వశ్చన్. దేర్ ఆర్ బోత్ అడ్వాంటేజెస్ అండ్ డిసడ్వాంటేజెస్' అనండి. ఎటూ దొరకరు. మధ్యమధ్య మొరోవర్, ఫర్దర్‌మోర్, యాక్చువల్లీ, బేసికల్లీ చల్లండి. నేను ఆ ఒక్క జవాబులో మొరోవర్ ఏడుసార్లు వేశాను. అవే మాటలు పదేపదే వాడడం అయిదు బ్యాండు లక్షణమని మార్కుల పట్టికలో అచ్చేసి ఉందంటారు. మరి నాకు వచ్చింది అయిదు కాదు, అయిదున్నర. ఆ అర ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఉదాహరణ దగ్గర సర్వే వెయ్యండి. 'అకార్డింగ్ టు ఏ రీసెంట్ సర్వే, సెవెంటీ ఎయిట్ పర్సెంట్ ఆఫ్ పీపుల్...' సర్వే లేకపోయినా ఫర్వాలేదు, నిజానికి మార్కుల్లేవని ముందే చెప్పాను. డెబ్బై ఎనిమిది నా అంకె, మీరు వేరేది పెట్టుకోండి. ఇబ్బందల్లా తర్వాతి ప్రశ్న. 'దట్స్ ఇంట్రెస్టింగ్. వై డూ యూ థింక్ ద నంబర్ ఈజ్ సో హై?' అంది ఆవిడ. లేని సర్వేలో అంకె ఎందుకంత ఎక్కువో నాకెలా తెలుస్తుంది? అయినా తడబడలేదు. 'బికాజ్ ఇట్ ఈజ్ వెరీ హెల్ప్‌ఫుల్' అన్నాను. 'హెల్ప్‌ఫుల్ ఇన్ వాట్ వే?' అంది. 'ఇట్ హెల్ప్స్ ద పీపుల్' అన్నాను. 'కెన్ యూ గివ్ మీ యాన్ ఎగ్జాంపుల్?' అంది. 'ఫర్ ఎగ్జాంపుల్, మెనీ పీపుల్ ఆర్ గెటింగ్ మెనీ హెల్ప్స్ ఇన్ దిస్ మోడర్న్ వరల్డ్' అన్నాను. మూడు ప్రశ్నలకు ఒకే జవాబు. ఇంత నిలకడ ఎవరికి సాధ్యం?

ఆవిడ ప్రశ్నను మార్చి ఇంకో రకంగా అడిగింది. ఈ భాగంలో వాళ్ళకు ఆ వెసులుబాటు ఉంటుంది. ఎక్కణ్ణుంచి తవ్వినా నా దగ్గర తగిలింది హెల్ప్‌ఫులే.

ఈ పద్ధతే మా పిన్ని కూతురికి నేర్పబోయాను. గుంటూరులో నర్సు. యూకేలో నర్సుగా నమోదు కావాలంటే స్పీకింగ్‌లో 7 కావాలి. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు డాబా మీద కూర్చోబెట్టి నాకొచ్చిన ప్రశ్నే వేశాను. 'మామ్మ కథ రాసిస్తాలే, ముందు దీనికి సర్వేతో చెప్పు' అన్నాను.

'నాకు సర్వేలేం తెలుసన్నయ్యా' అంది. కాసేపు ఆగి మొదలుపెట్టింది. ఇంగ్లీషులోనే లెండి, నేను తెలుగులో చెబుతున్నాను. అవును, మరీ ఎక్కువగానే ఆధారపడుతున్నారనుకుంటాను. మా నాన్ననే చూడండి. ఇరవై ఏళ్ళుగా ఆటో నడుపుతున్నాడు. ఇదివరకు కొత్త వీధిలోకి వెళ్తే టీ కొట్టు దగ్గర ఆపి అడిగేవాడు. ఇప్పుడు ఫోను చెప్పినట్టు పోతున్నాడు. పోయిన నెల ఒక పేషెంటును ఎక్కించుకుంటే ఫోను తీసుకెళ్ళి ఆస్పత్రి వెనక గోడ దగ్గర ఆపింది. అక్కడ గేటు లేదు. చుట్టూ తిరిగి రావడానికి పది నిమిషాలు పట్టింది.

నేను చెయ్యెత్తాను. 'ఆగు. మీ నాన్న ఆటో సంగతి ఫారినర్‌కి ఎందుకే? పరువు తక్కువ. పైగా ఒక్క మనిషి గురించి చెప్పావు, ప్రపంచం ఏది? ఇడియం ఏది? మధ్యలో 'హీ ఫాలో' అని, మళ్ళీ 'హీ ఫాలోస్' అని దిద్దుకున్నావు. దిద్దుకుంటే తప్పు చేసినట్టు తెలిసిపోదూ?'

ఎగ్జామినర్ అడిగినట్టే నేనూ ఎందుకని అడిగాను, ఇక్కడైనా ఇరుక్కుంటుందని. ఇరుక్కోలేదు. ఎందుకంటే, ఫోనుకు రోడ్డు తెలుసు గానీ గేటు ఎటుందో తెలీదు, టీ కొట్టతనికి తెలుసు. నాన్న మర్చిపోయింది దారి కాదు, అడగడం. ఇంకాస్త ఆలోచించి, అయితే నేను రేపు లండన్‌లో దిగితే ఫోనే చూస్తాను, అక్కడ నాకు టీ కొట్టు తెలీదు కదా, అంది.

చూశారా, తన మాటను తనే సగం వెనక్కి తీసుకుంది. ముందు ఒక అభిప్రాయం, తర్వాత ఒక మనిషి, ఆ మనిషికి జరిగిన ఒక సంగతి, దాన్నుంచి ఏం తేలిందో ఒక ముక్క, ఎక్కడ అది చెల్లదో ఇంకో ముక్క. ఇంతే దాని సరుకు. ఒక్క మొరోవర్ లేదు. కాకపోతే నేను ఎన్నిసార్లు ఎందుకని గుచ్చినా దాని దగ్గర చెప్పడానికి ఇంకా ఏదో మిగిలే ఉంది. ఆ పేషెంటు ఏమన్నాడు, నాన్న ఆ రోజు ఇంటికొచ్చి ఏమన్నాడు, ఇప్పుడు ఫోను చూస్తున్నాడా మానేశాడా. జరిగిన సంగతి కాబట్టి కాబోలు. నా సర్వేను ఒక్క ప్రశ్న అడిగితే అయిపోయింది.

దానికి ఏడున్నర వచ్చింది. అదృష్టం. ఆ రోజు కొత్త కమ్మలు పెట్టుకుని వెళ్ళిందని పిన్ని చెప్పింది.

ఉచ్చారణ గురించి రెండు మాటలు. యాస పెట్టండి. వాటర్‌ను వారర్ అనండి, బెటర్‌ను బెరర్ అనండి. అమెరికా సినిమాలు చాలు. యాసకు మార్కుల్లేవనీ, చెప్పింది శ్రమ లేకుండా అర్థమైతే చాలనీ, మన తెలుగువాళ్ళం 'ఎగ్'ను 'యెగ్' అనడం, 'ఓన్లీ'ని 'వోన్లీ' అనడం, బస్‌కు బస్సని తోక తగిలించడం, మాటలో నొక్కాల్సిన చోట నొక్కకుండా అన్ని అక్షరాలనూ సమానంగా వాయించడం లాంటివి సరిచేసుకుంటే చాలనీ చెల్లి అంటుంది. అది తన గొంతు ఫోన్లో రికార్డు చేసి, విని, రాసుకుని, మళ్ళీ చెప్పేది. నా గొంతు నేను విన్లేను. బాగుండదు.

ఫలితం కాగితం మీద స్పీకింగ్‌కి ఒకే అంకె ఉంటుంది. నాలుగు లెక్కల్లో దేంట్లో ఎంత పోయిందో విడదీసి ఇవ్వరు. ఇది మనకు మంచిదే. తప్పు ఎక్కడుందో తెలీదు కాబట్టి చొక్కా రంగు దగ్గర్నుంచి ఏదైనా అనుకోవచ్చు. నేను మళ్ళీ దిద్దించమని డబ్బు కట్టాను. మాట్లాడినదంతా రికార్డవుతుంది కదా, ఇంకో ఎగ్జామినర్ అది విని మార్కు వేస్తారు. మార్కు పెరిగితే కట్టింది తిరిగిస్తారు. ఇవ్వలేదు.

రెండో ఆవిడ కూడా బాల్చీ దాకా విన్నదన్నమాట.

అయిదోసారికి స్లాటు తీసుకున్నాను. ఈసారి కథ మార్చాను, తాతయ్య. జ్వరం అదే, గుడ్డ అదే. నాలుగు రికార్డింగుల్లో నాలుగుసార్లు మామ్మ పోయాక ఐదోసారి కూడా అంటే అనుమానం వస్తుంది. మామ్మ మొన్న ఫోన్ చేసింది, పరీక్ష ఎలా రాశావురా అని. నీ గురించే చెప్పానే అన్నాను. మురిసిపోయి, ఏం చెప్పావురా అంది. సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను.